దిగులుగా ఉందని ఫ్రెండ్‌కి ఎలా చెప్పాలి? ఒంగోలు లెక్చరర్ కథ

ప్రశ్న: నమస్తే అండి. నాకు 36 ఏళ్లు, పెళ్లయింది, ఒక పాప. ఐదారు నెలలుగా మనసేం బాగుండట్లేదు. దేని మీదా ఇంట్రెస్ట్ లేదు, ఆఫీసుకి వెళ్లొస్తున్నా అంతే. ఇంట్లో చెప్తే కంగారు పడతారు. చిన్నప్పటి ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడికి చెప్దామని చాలాసార్లు అనుకున్నా, తీరా ఫోన్ చేశాక ఏదేదో మాట్లాడి పెట్టేస్తున్నా. అసలు ఏమని చెప్పాలి? చెప్తే మాత్రం వాడేం చేయగలడు?

జవాబు: చెప్పండి, ఈ వారంలోనే చెప్పండి. ఏమని చెప్పాలి, చెప్తే అవతలివాడు ఏం చేయగలడు అన్న రెండిటికీ నాకు తెలిసిన ఒకతని సంగతి చెప్తే మీకు బాగా అర్థమవుతుంది. పేర్లు రాయట్లేదు, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. దానికంటే ముందు ఒక్క మాట, మీ ఉత్తరంలో లేదు కానీ అడగకుండా ఉండలేను. చచ్చిపోతే బాగుండు, నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు, ఇలాంటి ఆలోచనలు మీకు వస్తుంటే ఫ్రెండ్ కోసం, మంచి టైమ్ కోసం ఎదురుచూడొద్దు, ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటివేం లేకపోతే ఇక ఈ కథ చదవండి.

అతను ఒంగోల్లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, ముప్పై ఎనిమిదేళ్లు. ఫ్రెండ్ది కర్నూలు రోడ్డు మీద టైర్ల షాపు. ఇద్దరూ టెన్త్ దాకా ఒకే బెంచి. రోజూ రాత్రి షాపు కట్టేసే టైమ్‌కి ఇతను వెళ్లడం, పక్క బడ్డీ కొట్లో టీ తాగడం, ఒక అరగంట మాట్లాడుకోవడం, ఏళ్ల తరబడి ఇదే అలవాటు. అంత దగ్గరివాడికి కూడా ఇతను చెప్పడానికి దాదాపు ఏడు నెలలు పట్టింది అంటే చూడండి.

ఇతనికి పెద్ద కష్టమేం రాలేదు, అదే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం. ఇంటి లోను ఉంది, కట్టగలుగుతున్నాడు, పిల్లలు బాగానే చదువుతున్నారు, భార్యతో గొడవల్లేవు. అయినా తెల్లవారుజామున మూడు, మూడున్నరకి మెలకువ వచ్చేసేది, ఇక నిద్ర పట్టేది కాదు, పైన తిరిగే ఫ్యాన్ చూస్తూ ఆరింటి దాకా పడుకునేవాడు, ఆ మూడు గంటల్లో మనసులో తిరిగేదంతా ఎప్పుడో పదేళ్ల కింద చేసిన తప్పులు, నాన్న పోయినప్పుడు టైమ్‌కి వెళ్లలేకపోవడం, పనికిరానివాణ్ణి అన్న మాట. అన్నం ముందు కూర్చుంటే మట్టి తిన్నట్టుండేది, బెల్టు రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది. దిద్దాల్సిన స్లిప్ టెస్ట్ పేపర్లు టేబుల్ మీద కట్టలు కట్టలుగా ఉండిపోయాయి, ఒక పేపర్ తీసుకుని మొదటి లెక్క చూసి, స్టెప్పు ఎక్కడ తప్పిందో కనిపిస్తున్నా బుర్రలోకి ఎక్కక, మళ్లీ మొదటి నుంచి చదివి, పక్కన పెట్టేసేవాడు. అదే మనిషి అంతకుముందు టీవీ చూస్తూ ఒక కట్ట దిద్దేసేవాడు.

మరి రోజూ కలిసే ఫ్రెండ్‌కి ఇదేదీ ఎందుకు కనపడలేదు అంటారా? ఈ రకం దిగులు చాలామందికి పొద్దున పూట బాగా తొక్కేస్తుంది, సాయంత్రానికి కాస్త సడలుతుంది. ఇతనూ అంతే, పొద్దున ఏడింటికి బండి స్టార్ట్ చేయడానికే ఏడుపొచ్చేది, రాత్రి తొమ్మిదింటికి టీ కొట్టు దగ్గర నాలుగు మాటలు మాట్లాడగలిగేవాడు, అప్పుడప్పుడు నవ్వేవాడు కూడా. ఫ్రెండ్ చూసేది రోజులో ఆ మంచి అరగంటే. ఇతనికేమో నవ్వొచ్చిన ప్రతిసారీ ఒక అనుమానం, నిజంగా బాగోకపోతే ఇలా నవ్వగలనా, ఊరికే బద్ధకానికి దిగులని పేరు పెడుతున్నానా అని. మీకూ ఇలాంటి అనుమానం ఉంటే వదిలేయండి. రోజులో ఒక గంట బాగుండటం వల్ల మిగతా ఇరవై మూడు గంటలు అబద్ధం అయిపోవు.

ఇక చెప్పడం సంగతి. అతను చెప్పలేదని కాదు, చెప్పాడు, కానీ ఇంకోటి చెప్పాడు. మొదటిసారి నిద్ర పట్టట్లేదురా అన్నాడు, ఫ్రెండ్ పడుకునే ముందు ఫోన్ చూడటం మానెయ్, గోరువెచ్చగా పాలు తాగు అన్నాడు. ఇంకోసారి ఛాతీలో బరువుగా ఉంటోంది అంటే ఫ్రెండే భయపడి తీసుకెళ్లి ఈసీజీ తీయించాడు, నార్మల్ వచ్చింది, గ్యాస్ అన్నారు, మాత్రలు రాశారు, ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు. ఇంకోసారి కాలేజీ మీద విసుగొస్తోందిరా అంటే, ఫ్రెండ్ ఎవడికి లేదురా విసుగు, ఆదివారం కూర్చుందాం రెండు పెగ్గులేస్తే అదే పోద్ది అన్నాడు, కూర్చున్నారు కూడా. ఆ రాత్రి తాగి పడుకుంటే మధ్యలోనే మెలకువొచ్చి, తర్వాతి రోజు ఇంకా ఘోరంగా గడిచింది. మందు మొదట మత్తు ఇస్తుంది కానీ రాత్రి రెండో సగంలో నిద్రని చెడగొడుతుంది, దిగులున్న మనిషికి మర్నాడు ఇంకా కిందకి లాగుతుంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన మగవాళ్ల స్నేహాల్లో మొదట వచ్చే సలహా అదే.

ఇందులో ఫ్రెండ్ తప్పేం లేదు. నిద్ర అంటే నిద్రకి చిట్కా చెప్పాడు, ఛాతీ అంటే ఈసీజీ తీయించాడు, అడిగిన దానికి సమాధానం ఇచ్చాడు. మన దగ్గర ఇలా శరీరం మీద పెట్టి చెప్పేవాళ్లే ఎక్కువ, నీరసం, తలనొప్పి, గ్యాస్, వొళ్లు నొప్పులు. అబద్ధాలేం కావు, అవన్నీ నిజంగానే ఉంటాయి, డిప్రెషన్లో శరీరం కూడా బాధపడుతుంది. కాకపోతే అవతలి మనిషికి అసలు మాట చేరదు. మీరు ఫోన్ చేసి ఏదో మాట్లాడి పెట్టేస్తున్నాను అన్నారే, బహుశా మీరూ ఒకటి రెండు సార్లు ఇలా చుట్టూ తిరిగి చెప్పే ఉంటారు.

చివరికి అతను నోటితో చెప్పలేదు, రాసి పంపాడు. కాలేజీలో లంచ్ టైమ్‌లో ల్యాబ్‌లో ఒక్కడే కూర్చుని వాట్సాప్‌లో టైప్ చేశాడు, తర్వాత నాకు చూపించాడు, అతని అనుమతితో ఇక్కడ పెడుతున్నా: "మామా, ఒక విషయం చెప్పాలిరా. ఆరేడు నెలలుగా నాకు అస్సలు బాలేదు. గ్యాస్ కాదు, నిద్ర ఒక్కటే కాదు. రోజూ పొద్దున్నే లేవాలంటే భయమేస్తోంది, ఏ పనీ చేయలేకపోతున్నా, ఎందుకూ పనికిరాననిపిస్తోంది. నువ్వు ఏం చెప్పక్కర్లేదు. ఒకసారి కూర్చుని విను చాలు. ఇంట్లో తెలీదు."

ఈ మెసేజ్ గురించి కాస్త ఆగి చెప్తా, మీకు కావాల్సింది ఇదే. ఎన్నాళ్ల నుంచో ఉంది, కాబట్టి నిన్నటి చిరాకు అని కొట్టిపారేయడానికి లేదు. ఏం మారిందో కంటికి కనిపించేలా ఉంది, డిప్రెషన్ అన్న మాటే రాయలేదు చూడండి, పొద్దున లేవాలంటే భయం అని రాశాడు, ఆ మాట టైర్ల షాపులో ఉన్న ఫ్రెండ్‌కి సూటిగా తగిలింది. అన్నిటికంటే ముఖ్యం, తనకి ఏం కావాలో చెప్పాడు, విను చాలు అని. ఇది లేకపోతే ఎంత మంచి ఫ్రెండైనా కంగారులో సలహాలు మొదలుపెడతాడు, ప్రేమ ఉన్నవాడికే ఆ కంగారు ఎక్కువ. ఇంకోటి, గ్యాస్ కాదు అని రాయడం వల్ల అంతకుముందు చెప్పినవన్నీ ఒక్కసారిగా ఫ్రెండ్‌కి వేరేగా అర్థమయ్యాయి.

ఫ్రెండ్ నుంచి పెద్ద జవాబేం రాలేదు, "షాపు కుర్రాడికి చెప్పి వస్తున్నా, గేటు దగ్గర ఉండు" అంతే. బండెక్కించుకుని కొత్తపట్నం సముద్రం వైపు తీసుకెళ్లాడు. దారిలో బండి మీద ఇతను వెనక కూర్చుని సగం చెప్పేశాడు. ముఖం ముఖం చూసుకోకుండా పక్కపక్కన ఉన్నప్పుడు, బండి మీదో నడుస్తూనో, మగవాళ్లకి మాట తేలిగ్గా వస్తుంది, మీ ఫ్రెండ్‌ని కలిసేటప్పుడు హోటల్లో ఎదురెదురు టేబుల్ కంటే ఇలాంటిది పెట్టుకోండి. అక్కడికెళ్లి పడవల పక్కన కూర్చున్నాక ఫ్రెండ్ చాలాసేపు ఏం మాట్లాడలేదు, ఇతను ఏడుస్తుంటే ఆపమని కూడా అనలేదు. తర్వాత అడిగాడు, "చచ్చిపోదామని ఏమన్నా అనిపిస్తోందా, నిజం చెప్పు."

ఇలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అవ్వదు. మానసిక వైద్యంలో ఇది బాగా చూసిన విషయమే, సూటిగా అడగడం వల్ల ఆలోచన పుట్టదు, పైగా ఉన్నవాళ్లకి దాచుకోవాల్సిన భారం తగ్గుతుంది. ఇతను చెప్పాడు, "చేసుకోవాలని ఏం లేదురా, కానీ పొద్దున లేవకుండా అలాగే పోతే బాగుండు అనిపిస్తది." ఫ్రెండ్ తిట్టలేదు, పిల్లలు గుర్తురాలేదా అనలేదు. ఎప్పటి నుంచి, రోజూ వస్తుందా, ఎలా అని ఏమన్నా ఆలోచించావా అని అడిగాడు. లేదన్నాడు. అయినా ఫ్రెండ్ రెండు మాటలు తీసుకున్నాడు. ఆ ఆలోచన గట్టిపడితే అర్ధరాత్రైనా ఫోన్ చేయాలి, రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంకో మాట కూడా అక్కడే చెప్పేశాడు, "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను, కానీ నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం మీ ఆవిడకి చెప్తా, అప్పుడు నన్ను తిట్టుకో." ఇది ముందే చెప్పడం నాకు చాలా సరైనదనిపించింది. ఒకవేళ ఇతను ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నానని చెప్పి ఉంటే రేపటి దాకా ఆగకూడదు, ఆ రాత్రే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు, ప్రమాదం తెచ్చే వస్తువులు ఇంట్లోంచి తీసేయించాలి, అవసరమైతే 112కి ఫోన్ చేయాలి.

మీరు అడిగారు కదా, వాడేం చేయగలడు అని. ఈ ఫ్రెండ్ చేసింది మామూలు పనులే, కానీ ఆ పనులు దిగులున్న మనిషి సొంతంగా చేసుకోలేడు. పొద్దున్నే ఇంటికొచ్చి హారన్ కొట్టి లేపాడు. గవర్నమెంట్ మెడికల్ కాలేజీ హాస్పిటల్‌కి తీసుకెళ్లి ఓపీ చీటీ రాయించి సైకియాట్రీ బయట బెంచీ మీద పక్కన కూర్చున్నాడు. పిచ్చాసుపత్రికి వెళ్తున్నట్టు ఉందిరా, మా స్టూడెంట్ ఎవడైనా చూస్తే అని ఇతనంటే, చూస్తే టైరు పంచరైందని చెప్పు అన్నాడట. లోపల డాక్టర్ చాలాసేపు అడిగారు. నిద్ర, ఆకలి, బరువు, ఏకాగ్రత, మందు అలవాటు, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా, చచ్చిపోవాలన్న ఆలోచనలు. ఒక ప్రశ్న ఇతనికి వింతగా అనిపించింది, ఎప్పుడైనా నిద్ర లేకపోయినా నాలుగైదు రోజులు మహా హుషారుగా, డబ్బులు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెడుతూ తిరిగారా అని. అలా ఉంటే అది బైపోలార్ అయ్యుండొచ్చు, దానికి వైద్యం వేరే, మామూలు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి ఆ అతి హుషారు వైపుకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. అందుకే తెలిసిన మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దని అంత గట్టిగా చెప్పేది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు కూడా రాశారు, థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువున్నా, బీ12 లేకపోయినా మనిషి ఇలాగే నీరసపడి దిగులుగా అవుతాడు, ముందు అవి చూసుకోవాలి. ఇతనికి అన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఇంతకీ దిగులుకీ డిప్రెషన్‌కీ తేడా ఎక్కడ అంటే, డాక్టర్లు చూసేది ముఖ్యంగా రెండు వారాలు. రోజులో ఎక్కువ భాగం, దాదాపు రోజూ, కనీసం రెండు వారాల పాటు మనసు బాగోకపోవడం లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం, దానితో పాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఓపిక లాంటివి దెబ్బతిని రోజువారీ పనికి అడ్డం రావడం. మీరు ఐదారు నెలలు అంటున్నారు. నేను ఇక్కడి నుంచి మీకు ఫలానా జబ్బని చెప్పను, కానీ డాక్టర్‌కి చూపించుకోవాల్సిన గడువు దాటి చాలా కాలమైంది.

అతనికి చిన్న డోసు మాత్ర ఒకటి మొదలుపెట్టారు, వారానికోసారి మాట్లాడే కౌన్సెలింగ్ కూడా. మొదటి వారం అతను దాదాపు మానేసేవాడే. వికారం, కడుపులో తిప్పడం, కాస్త గాభరా, మనసుకేమో ఏ మార్పూ లేదు. చాలామంది మానేసేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే సైడ్ ఎఫెక్టులు ముందు వస్తాయి, గుణం ఆలస్యంగా వస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తిగా తెలియాలంటే ఇంకొన్ని వారాలు. ఫ్రెండ్ ఇది డాక్టర్ నోటే విన్నాడు కాబట్టి, మానేస్తానన్న రోజు, మూడో వారం దాకా ఆగుదాం, మరీ ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌కే ఫోన్ చేద్దాం అని పట్టుకున్నాడు. ఈ మొదటి రోజుల్లో గాభరా బాగా పెరిగినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువైనా మాత్రం ఆగకూడదు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఇతనికి ముందు బాగుపడింది నిద్ర, తర్వాత ఆకలి. మనసు చివర్లో వచ్చింది, అదీ ఒకేసారి రాలేదు.

కౌన్సెలింగ్‌లో కూడా అతనికి పెద్ద పెద్ద మాటలేం చెప్పలేదు. మనసు బాగయ్యాక పని చేద్దాం అని కూర్చోకుండా, చిన్న పని చేస్తే దాని వెనక మనసు వస్తుంది అన్న పద్ధతి అది. రోజుకి ఐదు పేపర్లు మాత్రమే దిద్దాలి, ఆరో పేపర్ ముట్టుకోకూడదు. పొద్దున పది నిమిషాలు నడవాలి. మొదట్లో ఆ నడకకి ఫ్రెండ్ వచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు, పక్కన నడిచేవాడంతే. భార్యకి మూడో వారంలో ఇతనే చెప్పాడు, ఫ్రెండ్ పక్కనుండగా. ఆమె కంగారు పడలేదు, రాత్రి మూడింటికి మీరు మెలకువగా ఉంటున్నారని నాకు తెలుసు, అడిగితే విసుక్కుంటారని అడగలేదు అంది. ఇంట్లో వాళ్లకి తెలియదని మనమనుకుంటాం గానీ పక్కన పడుకునే మనిషికి ఎంతో కొంత తెలుస్తుంది, మీ ఆవిడ విషయంలో ఇది ఆలోచించండి.

ఇప్పుడు అతనికి చాలా వరకు బాగుంది, మాత్ర వాడుతూనే ఉన్నాడు. బాగైపోయింది కదా అని వెంటనే ఆపకూడదు, మామూలుగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి, ఒక్కసారి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి రావచ్చు, జబ్బూ తిరగబెట్టొచ్చు. అప్పుడప్పుడు పొద్దున పూట ఆ బరువు మళ్లీ వస్తోంది, అలాంటి రోజు ఫ్రెండ్‌కి "ఈరోజు బాలేదు" అని ఒక మెసేజ్ పెడతాడు, అది వాళ్ల మధ్య ఒప్పందం.

మీ విషయానికొస్తే, ఫోన్ మాట్లాడటం మీకు కుదరట్లేదు కాబట్టి రాసేయండి. రాత్రి కాస్త తేలిగ్గా ఉండే టైమ్‌లో టైప్ చేసి, అప్పుడే పంపేయండి, పొద్దున చూసి పంపుదాం అనుకుంటే పొద్దున చెరిపేస్తారు. ఎన్నాళ్ల నుంచి, రోజులో ఏం మారింది, వాడి నుంచి మీకేం కావాలి, ఈ మూడూ మీ మాటల్లో ఉంటే చాలు, నాలుగు లైన్లు దాటక్కర్లేదు. అడిగేది చిన్నదీ ఖచ్చితమైనదీ అయితే వాడికీ తేలిక, శనివారం నాతో డాక్టర్ దగ్గరికి వస్తావా అన్నట్టు. వాడు మొదట తప్పు మాట అనొచ్చు, లైట్ తీస్కోరా అనొచ్చు, గుడికి వెళ్దాం అనొచ్చు. ఒక్కసారి దానికే మూసుకుపోకండి, "సరదాగా చెప్పట్లేదురా, నాకు సాయం కావాలి" అని రెండోసారి చెప్పండి, చాలామంది ఆ రెండోసారికి ఆగి వింటారు. అప్పటికీ వినకపోతే వాడికి ఇది చేతకాదని అర్థం, అక్కకో తమ్ముడికో ఆఫీసులో నమ్మకమున్న మనిషికో అదే మెసేజ్ పంపండి, మాటలు మార్చే పని కూడా లేదు. ఎవరూ దొరక్కపోయినా శనివారం ఓపీకి మాత్రం వెళ్లండి, ఒక్కరే వెళ్లినా చూస్తారు.